పంపు గంటల పుస్తకం

ఈ వారం నుంచి ప్రాజెక్ట్ మేనేజర్‌ని. డిప్లొమాతో చేరి, ఉద్యోగం చేస్తూనే బీటెక్ పూర్తి చేశాను. ఆ పట్టా లేకపోతే ఇంటర్వ్యూకే పిలిచేవారు కాదు. కానీ అక్కడ అడిగిందంతా నా సైట్ డైరీ గురించే.

భీమవరం దగ్గర పునాది తవ్వితే నాలుగడుగులకే ఊట. పంపు ఎప్పుడు వేశాం, ఎప్పుడు ఆపాం, డీజిల్ ఎంత పోశాం, ఎందరు కూలీలు పని లేక కూర్చున్నారు అన్నీ రాసి, ఆ సాయంత్రమే క్లయింటు ఇంజినీరుతో సంతకం పెట్టించేవాడిని. ఆయన విసుక్కుంటూనే పెట్టేవారు. బిల్లు దగ్గర పేచీ వచ్చినప్పుడు ఆ సంతకాలే నిలబడ్డాయి. నీరు తోడడానికి ఒప్పందంలో విడిగా రేటు ఉండబట్టి డబ్బు వచ్చింది. తవ్వకం రేటులోనే కలిపి ఉంటే ఎన్ని పేజీలు రాసినా పైసా రాదు. అందుకే కొత్త సూపర్‌వైజర్లకు డ్రాయింగులతో పాటు ఒప్పందం నకలు కూడా ఇస్తున్నాను.