ఇంజెక్షన్ పడుతున్నా పెరగని రక్తం

మాది పర్లాకిమిడి. షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయని చాలా కాలం క్రితమే తెలిసింది. దేవుడి దయ, డయాలసిస్ దాకా రాలేదు. మందులు, పథ్యం, పరీక్షల సంగతి కిడ్నీ రోగులందరికీ తెలిసిందే. నేను రాయాలనుకున్నది రక్తం ఇంజెక్షన్ గురించి.

హిమోగ్లోబిన్ 7.4కి పడిపోయింది. రెండు మెట్లెక్కితే ఆయాసం. రక్తకణాలు తయారుచెయ్యమని ఎముకల్లోని మూలుగకు కబురు పంపేది ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోను. దాన్ని ఎక్కువగా తయారుచేసేది కిడ్నీలే. అవి పాడైతే ఆ కబురూ తగ్గిపోతుంది. అందుకే ఆ హార్మోనునే ఇంజెక్షన్‌గా ఇస్తారు. నాకు వారానికి రెండుసార్లు 4000 యూనిట్లు, చర్మం కింద. కొన్ని వారాలకు 8.1 అయింది. ఆ తరువాత అక్కడే ఆగిపోయింది.

ఊళ్ళో చూపించుకునే డాక్టరుగారు కాగితం వంక చూసి, "ఇంట్లో సరిగా తినకపోతే ఇంజెక్షన్ ఏం చేస్తుంది మౌసీ?" అన్నారు, బయట కూర్చున్నవాళ్ళందరికీ వినబడేలా. నలుగురికి వండిపెట్టే మనిషిని నేను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మా ఆడపడుచు అది పట్టుకుని రోజూ దానిమ్మ రసం, బీట్‌రూట్ తెచ్చిపెట్టేది. పొటాషియం పెరుగుతుంది, వద్దు వదినా అంటే వినదు. ప్రేమే, కాదనను.

ఐరన్ సంగతి అడిగితే ఫెరిటిన్ పరీక్షలో 180 ఉంది, నార్మలే అన్నారు. ఇంజెక్షన్ డోసు రెట్టింపు చేశారు.

ఆ తరువాత వచ్చిన ఒక రాత్రిని మరిచిపోలేను. నడినెత్తిన నొప్పి మొదలై మెడ దాకా దిగింది. గోడ మీది కేలండర్‌లో జగన్నాథుడి ముఖం రెండుగా కనిపించింది. మావాడు బీపీ మెషీన్ పెడితే 204, 112. మళ్ళీ పెట్టినా అంతే. పక్షవాతం వచ్చేస్తోందనుకుని చేతి వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకుంటూ ఆటోలో కూర్చున్నాను. ఆసుపత్రిలో డ్యూటీ నర్సమ్మ ఒక్కతే అడిగింది, "రక్తం ఇంజెక్షన్ ఈమధ్య పెంచారా అమ్మా?" అని. ఆ ఇంజెక్షన్‌తో బీపీ పెరగొచ్చని నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు. తెల్లారేదాకా గంటగంటకూ వచ్చి చూసింది ఆ తల్లి. ఆమె చల్లగా ఉండాలి.

ఆ తరువాత విశాఖ వెళ్ళాం. అక్కడి కుర్ర డాక్టరు ముందు బీపీ మందులు సరిచేసి, ఇంజెక్షన్ పాత డోసుకు దించాడు. ఫైలంతా తిరగేసి, ఫెరిటిన్‌తో ఆగిపోయారేమిటి అంటూ సీరం ఐరన్, టీఐబీసీ అనే రక్తపరీక్షలు రాశాడు. ఐరన్ 26, టీఐబీసీ 236 వచ్చాయి. చీటీ వెనకాల 26ని 236తో భాగించి వందతో హెచ్చించాడు. 11 శాతం. దీన్నే శాచురేషన్ అంటారట. రక్తంలో ఐరన్ మోసే బళ్ళలో నూటికి పదకొండే నిండి ఉన్నాయమ్మా, కనీసం ఇరవై దాటాలి అన్నాడు.

మరి ఫెరిటిన్ నార్మల్ కదా అన్నాను. ఫెరిటిన్ నిల్వ లెక్కట. కిడ్నీ జబ్బులో ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ అనే లోలోపలి వాపు ఉంటుంది కాబట్టి, అందాల్సిన ఐరన్ అందకపోయినా ఆ అంకె పెరుగుతుందట. పైగా హెప్సిడిన్ అనే పదార్థం ఎక్కువై నిల్వలో ఉన్న ఐరన్‌ను బయటికి రానివ్వదు, పేగుల నుంచి కొత్తదాన్నీ సరిగా లోపలికి రానివ్వదు. నేను మింగిన ఐరన్ మాత్రలు మలబద్ధకం తప్ప ఏమీ ఇవ్వకపోవడానికి కారణం అదే. ఇంజెక్షన్ మూలుగను తొందరపెడుతుంది గానీ హిమోగ్లోబిన్ కట్టడానికి ఐరన్ కావాలి. అది అందకుండా డోసు పెంచితే రక్తం పెరగదు, బీపీ లాంటి ప్రమాదాలు మాత్రం పెరుగుతాయి.

రక్తం ఎక్కించెయ్యకూడదా అని మా ఆయన అడిగారు. అత్యవసరమైతే తప్పదు, కానీ రేపు కిడ్నీ మార్పిడి అనుకుంటే ఎక్కించిన రక్తం వల్ల పుట్టే యాంటీబాడీలు అడ్డం రావచ్చు అన్నాడు.

ఐరన్ సుక్రోజ్ 200 మిల్లీగ్రాముల చొప్పున, మొత్తం వెయ్యి వచ్చేదాకా సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించారు. ఒకసారి జ్వరంగా ఉందని చెబితే ఆ రోజు ఆపేశారు. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఐరన్ ఎక్కించకూడదట. మీకూ ఒళ్ళు వెచ్చగా ఉంటే దాచకుండా చెప్పండి. నెల తిరిగేసరికి అదే పాత డోసుతో 9.3, ఆ పై నెల 10.4. డోసు పెంచే ముందు శాచురేషన్ చూశారా అని అడగండి, డాక్టరు విసుక్కున్నా సరే.

ఆ లెక్క కాగితం జిరాక్స్ తీసి మా ఊరి డాక్టరుగారి కాంపౌండర్ చేతిలో పెట్టాను. చదవకుండానే ఫైల్లో పెట్టేశాడు. మండింది.

ఇప్పుడు 11.2. పదమూడు చేసెయ్యండి బాబూ, అందరిలా ఉంటాను అంటే విశాఖ డాక్టరు ఒప్పుకోలేదు. ఈ ఇంజెక్షన్‌తో అంత పైకి తీసుకెళితే రక్తం గడ్డకట్టడం, పక్షవాతం రిస్కు పెరుగుతాయట. పదకొండున్నర దాటనివ్వనని డోసు తగ్గించాడు. మూడు నెలలకోసారి ఫెరిటిన్, శాచురేషన్ రెండూ చూడాలని రాశాడు.