చిల్లర అడగలేని దాన్ని, చెవెనింగ్ ఇంటర్వ్యూకు ఇలా సిద్ధమయ్యాను

బస్సులో కండక్టర్ టికెట్టు వెనకాల రాసిచ్చిన చిల్లరను దిగేటప్పుడు అడగలేక వదిలేసుకునే మనుషులు కొందరు ఉంటారు. నేను ఆ కోవలో దాన్ని. అలాంటిది బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాను. అందులో మొదట అడిగేదే నాయకత్వం, ఆ తర్వాత అడిగేది పరిచయాలు. మా అన్నయ్య ఫారం చూసి, "నీకు లేనివే వెతికి మరీ అడిగారు" అన్నాడు.

తెలియనివారి కోసం రెండు మాటలు. బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్ కోర్సుకు ఖర్చు మొత్తం పెడతారు. కనీసం 2,800 గంటల పని అనుభవం ఉండాలి, చదువు ముగిశాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. నాయకత్వం, పరిచయాలు, బ్రిటన్‌లో ఏం చదువుతారు, ఆ తర్వాత ఏం చేస్తారు అనే నాలుగు విషయాల మీద రాతపూర్వకంగా జవాబులివ్వాలి. వాటిలో నెగ్గితే ఇంటర్వ్యూ. బోర్డులో సాధారణంగా ముగ్గురుంటారు, వాళ్ల ముందు మన దరఖాస్తు ఉంటుంది. ఈ చివరి సంగతి నాకు మొదటిసారి కూడా తెలుసు. దాని అర్థం మాత్రం తెలియలేదు.

మొదటి ఏడాది ముప్ఫై ప్రశ్నలు సేకరించి, ముప్ఫైకీ జవాబులు రాసి, బట్టీ పట్టి వెళ్లాను. బిడియస్థులకు బట్టీ పట్టడం చాలా నమ్మకమైన దారిలా కనిపిస్తుంది, ఎందుకంటే అప్పటికప్పుడు మాటలు వెతుక్కోవాల్సిన గండం తప్పుతుందనుకుంటాం. నాయకత్వం గురించి అడగ్గానే గడగడా మొదలుపెట్టాను. మధ్యలో ఒకాయన చెయ్యెత్తి, "ఆ సమావేశానికి ఎంతమంది వచ్చారు?" అని మామూలుగా అడిగాడు. ఆ సమావేశం జరిపింది నేనే. కుర్చీలు వేసిందీ నేనే. అయినా సంఖ్య గుర్తు రాలేదు, వల్లించిన పాఠంలో అది లేదు మరి. ఆగిన చోటి నుంచి ఎత్తుకోలేక మళ్లీ మొదటి వాక్యం నుంచి చెప్పాను. ఆ గదిలో ఎవరూ ఏమీ అనలేదు. ఎంపిక కాలేదని మెయిల్ వచ్చినప్పుడు కారణం వెతుక్కోవాల్సిన పని కూడా లేకపోయింది.

జవాబు బట్టీలోకి జారిపోయిందో లేదో తెలుసుకోవడానికి నాకు దొరికిన పరీక్ష ఇదే: మధ్యలో ఎవరినైనా అడ్డుపడమనండి. సగం నుంచి కొనసాగించగలిగితే అది మీ మాట. మొదటికి వెళ్లారంటే అది పాఠం.

రెండో ఏడాది మళ్లీ పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూకు ముప్ఫై నాలుగు రోజులుంది. ఈసారి ప్రశ్నల జాబితా జోలికి పోలేదు. నేను పంపిన జవాబులను ప్రింటు తీసి, నేను గొప్పగా చెప్పుకున్న ప్రతి మాట కిందా ఎర్ర గీత గీశాను. పందొమ్మిది గీతలు వచ్చాయి. ఒక్కో గీత పక్కన, మా ఇంట్లో అందరికన్నా అనుమానం మనిషైన మా చిన్నమ్మ అయితే ఏం అడుగుతుందో రాశాను. "గ్రామంలో అవగాహన పెంచాను" అన్న చోట, "పెరిగిందని నీకెలా తెలిసింది?" అని రాసుకుని, జవాబు లేక చాలాసేపు కూర్చున్నాను. అలా నిలబడని మాటలు నాలుగు తేలాయి. పంపేసిన దరఖాస్తును దిద్దే వీలు లేదు. కాబట్టి ఆ నాలుగింటికీ నిజంగా జరిగిందేమిటో, ఎంతవరకు జరిగిందో చెప్పడానికి సిద్ధపడ్డాను. వీలుంటే ఈ గీతల పని దరఖాస్తు పంపకముందే చేయండి. నాకు ఆ బుద్ధి ఆలస్యంగా పుట్టింది.

తర్వాత జవాబులు రాయడం మానేసి సంఘటనలు ఏరుకున్నాను. ఆరే ఆరు. ఒక్కో దానికి ఒక అట్టముక్క. దాని మీద వాక్యాలు రాయకూడదని నియమం పెట్టుకున్నాను. ఊరు, నెల, ఎవరెవరున్నారు, ఎంత, ఎక్కడ తప్పింది అనే ఐదు వివరాలు మాత్రమే రాశాను. వాక్యం రాస్తే కంఠస్థం అయిపోతుంది. వివరం రాస్తే ప్రతిసారీ కొత్తగా చెప్పాల్సి వస్తుంది.

ఆరింటిలో నాకు ఎక్కువగా పనికొచ్చినది ఫిల్టర్ల కథ. నేను పని చేసింది నల్గొండ జిల్లాలో, తాగునీటి మీద. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి మీకు కొత్త కాదు. వేరే నీరు దొరకనప్పుడు కూడా లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. మేము చూసిన ఒక బోరులో 4.2 ఉంది. నల్లా నీళ్లు రాని రోజుల్లో జనం ఆ నీళ్లే తాగుతారు. వాళ్లకు ఎప్పుడో ఇచ్చిన రెండు అరల స్టీలు ఫిల్టర్లున్నాయి. పై అరలో తెల్లని గుళికలు, యాక్టివేటెడ్ అల్యూమినా. అవి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయి, కానీ కొన్నాళ్లకు నిండిపోతాయి. అప్పుడు వాటిని తీసి రసాయనాలతో శుద్ధి చేసి మళ్లీ నింపాలి. అది ఎవరూ చేయలేదు. నీళ్లు మాత్రం ఫిల్టర్ లోంచి తేటగా దిగుతూనే ఉన్నాయి. నీళ్లలో ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ ఉండవు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఊరంతటినీ కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పమని మా సూపర్‌వైజర్ అన్నారు. నా వల్ల కాదని నాకు తెలుసు. అందుకని పరీక్ష కిట్టు పట్టుకుని ఇంటింటికీ వెళ్లాను. చిన్న గాజు గొట్టంలో ఆ ఇంటి ఫిల్టర్ నీళ్లు పోసి ద్రావణం చుక్కలు వేస్తే, ఫ్లోరైడ్ తక్కువగా ఉంటే గులాబీ రంగు నిలుస్తుంది. ఎక్కువయ్యే కొద్దీ పసుపుకు తిరుగుతుంది. నేను మాట్లాడాల్సిన అవసరమే రాలేదు. గొట్టం ఆ ఇంటామె చేతికే ఇచ్చేదాన్ని. ఆమె కళ్లముందే అది పసుపైపోయేది. ఆమే పక్కింటికి వెళ్లి చెప్పేది. నలభై మూడు ఇళ్లలో పదకొండు రోజులు తిరిగాను. ఆ తర్వాత ఇద్దరు మహిళలు గుళికలు శుద్ధి చేయించే పని, ఏ ఇంటికి ఎప్పుడు చేయించాలో పుస్తకంలో రాసే పని తీసుకున్నారు. ఆరు నెలలకు ముప్ఫై ఒక్క ఇళ్లు మిగిలాయి. మిగతా పన్నెండూ ఎందుకు తప్పుకున్నాయో కూడా అట్టముక్క మీద రాసుకున్నాను. శుద్ధికి ఇంటికింత అని డబ్బు వసూలు చేయాలని మేము ముందే చెప్పలేదు. అది నా పొరపాటు.

విషయం చేతిలో ఉంది, ఇక మిగిలింది గొంతు. దానికి వారాలవారీగా మెట్లు కట్టుకున్నాను. మొదటి వారం గదిలో ఒంటరిగా బిగ్గరగా చెప్పి ఫోనులో రికార్డు చేశాను. సొంత గొంతు వినడం ఎంత నరకమో చెప్పనక్కర్లేదు గానీ, విన్నాక ఒకటి తేలింది. నేను తడబడేది మొత్తం జవాబులో కాదు, మొదటి ఇరవై సెకన్లలో. ఆ కాస్తా దాటితే గొంతు దానంతట అదే కుదురుకుంటోంది. కాబట్టి ఒక్కో సంఘటనకు మొదటి వాక్యం మాత్రం స్థిరంగా పెట్టుకున్నాను, బట్టీ పట్టింది అంతే. ఒక్కో జవాబు రెండు నిమిషాలు దాటకుండా చూసుకున్నాను. రెండో వారం ఇంట్లోవాళ్ల ముందు. మూడో వారం మా వీధిలోని రిటైర్డ్ హెడ్మాస్టరు గారి దగ్గర. ఆయన ప్రతి జవాబు తర్వాతా, "అయితే ఏమిటి బిడ్డా?" అనేవారు. మొదటి రోజు ఏడుపొచ్చింది. నాలుగో రోజుకు, ఆ ప్రశ్న రాకముందే నేనే ఫలితం దాకా చెప్పడం మొదలైంది.

నాలుగో వారం నాకు బాగా తెలియనివాళ్లు ముగ్గురిని వరసగా కూర్చోబెట్టాను. ఒకరిని నా మొహం చూడకుండా కాగితం మీద రాస్తూనే ఉండమన్నాను. ఇది తప్పకుండా చేయండి. బోర్డు సభ్యులు మన మాటలు రాసుకుంటూ తల వంచుతారు, మార్కులు వేయాలి కదా. బిడియస్థులం దాన్ని విసుగనుకుని మాట మింగేస్తాం. మొదటి ఏడాది నేను జవాబులు తుంచేసింది అలాగే. రాస్తున్న తలను చూసి మాట్లాడటం మూడు పూటల్లో అలవాటైంది.

పరిచయాల ప్రశ్నకు నా దగ్గర పెద్ద లెక్కేమీ లేదు. ఎంతమంది తెలుసునని చెప్పే బదులు, ఒకే ఒక్క పరిచయాన్ని ఎంచుకున్నాను. నీటి నమూనాలు పరీక్షించే ల్యాబ్‌లోని ఒక టెక్నీషియన్‌తో మూడేళ్ల పరిచయం. మొదట నమూనాల సీసాలు ఎలా కడగాలో ఆయన నేర్పారు. తర్వాత మా కిట్టు ఫలితాలను తన యంత్రంతో సరిచూసి పెట్టారు. నేను ఊళ్ల నుంచి తెచ్చిన లెక్కలు ఆయన నివేదికకు పనికొచ్చాయి. ఆ పరిచయంతో ఇద్దరికీ ఏం ఒరిగిందో చెప్పగలిగితే చాలని నా అనుభవం.

ఇంటర్వ్యూ రోజు మొదటి వాక్యం వణికింది. రెండోది కూడా. మూడో వాక్యానికి గొట్టం పసుపైన సంగతి వచ్చింది, మధ్యలో కూర్చున్నావిడ రాయడం ఆపి తలెత్తింది. అప్పుడు వచ్చింది నేను భయపడ్డ ప్రశ్న: "మీరు ఊరి సమావేశంలో మాట్లాడనే లేదు. ఇందులో నాయకత్వం ఎక్కడుంది?"

ఒక్క క్షణం ఆలోచించుకుంటానని చెప్పాను. అలా అడగవచ్చని హెడ్మాస్టరు గారు చెప్పేదాకా నాకు తెలియదు. తర్వాత, "సమావేశంలో నేను మాట్లాడి ఉంటే ఆ మాట నాతోనే ఊరు దాటి వెళ్లిపోయేది. నేను వచ్చేశాక కూడా ఆ ఇద్దరు మహిళలు పుస్తకం రాస్తున్నారు" అన్నాను. ప్రశ్న అడిగినాయన వదల్లేదు. పన్నెండు ఇళ్లు ఎందుకు పోయాయని అడిగారు. డబ్బు సంగతి, నా పొరపాటు చెప్పాను. ఆ శుద్ధి ఖర్చుల లెక్కలు, గ్రామ నీటి పథకాల నిర్వహణ నేర్చుకోవడానికే ఈ కోర్సు అని చెప్పడానికి అదే దారి దొరికింది. అది నేను ముందుగా అనుకున్న వరస కాదు.

జూన్‌లో రిజర్వు జాబితాలో ఉన్నానని మెయిల్ వచ్చింది. అంటే ఎవరైనా తప్పుకుంటే పిలుస్తారన్నమాట. అయిదు వారాల తర్వాత పిలిచారు. హెడ్మాస్టరు గారికి చెబుదామని వెళ్తే, వాకిట్లో పేపరు చదువుకుంటూ తల ఎత్తకుండానే, "అయితే ఏమిటి బిడ్డా?" అన్నారు.