మక్కకు పైపాటు యూరియా: నైట్రేట్ పరీక్ష మూడో ప్రయత్నం, సంచిలో పెరిగిపోయిన అంకె

విత్తిన 27వ రోజు. మక్క మోకాలి కిందికి వచ్చింది, ఆకు గొట్టం దగ్గర కొలిస్తే 30 సెంటీమీటర్లు. మట్టి తీయాల్సిన సరైన అదను ఇదే. కానీ ఒకే చేను, ఒకే మట్టి, మూడు రోజుల తేడాతో నైట్రేట్ నత్రజనికి రెండు అంకెలు: 15, 25. ఇక్కడ పది పీపీఎం తేడా చిన్నది కాదు. అమెరికాలోని ఐయోవా లెక్క ప్రకారం 25 పీపీఎం నైట్రేట్ నత్రజని ఉంటే పైపాటు అక్కర్లేదు. అంతకు తక్కువైన ప్రతి పీపీఎంకు ఎకరాకు 8 పౌండ్లు, అంటే 3.6 కిలోల నత్రజని వేయాలి. 15ని నమ్మితే 36 కిలోలు, 25ని నమ్మితే సున్నా. బస్తాల్లో చెప్పాలంటే 45 కిలోల యూరియా బస్తా ఒకటీ ముప్పావు వేయాలా, అసలేమీ వద్దా అన్న ప్రశ్న.

చేను నాగర్‌కర్నూల్ వైపు ఎర్ర చెల్క, రెండెకరాలు. మే నెలలో గొర్ల మంద ఆరు రాత్రులు పడుకుంది. దుక్కిలో ఎకరాకు ఒక బస్తా డీఏపీ తప్ప ఇంకేమీ వేయలేదు. ఈ పరీక్ష ఇలాంటి చేనుకే పనికొస్తుంది. మంద ఎరువు తొలకరి తడికి కరిగి ఎంత నత్రజని ఇచ్చిందో సిఫారసు పట్టికకు తెలియదు, మట్టికి తెలుసు. సాయిల్ హెల్త్ కార్డులోని ‘లభ్య నత్రజని’ని దీనికి వాడొద్దు. అది పర్మాంగనేట్ పద్ధతిలో తీసిన అంకె, ఇవాళ వేరు దగ్గర ఉన్న నైట్రేట్ కాదు.

మట్టి తీయడంలో ఈసారి ఇబ్బంది లేదు. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు కాబట్టి డీఏపీ గీత మీదే పడిపోకుండా, ఒక సాలు నుంచి పక్క సాలు దాకా ఏడున్నర సెంటీమీటర్లకొకటి చొప్పున ఎనిమిది గుంతలు తీశాం. అలా రెండు చోట్ల కలిపి పదహారు.

ఇక ఆ రెండు అంకెల సంగతి. మొదట నైట్రేట్ కొలిచే రంగు పట్టీని అనుమానించా. ఎంక్వాంట్ నైట్రేట్ పట్టీ మీద రంగు మెట్లు 10, 25, 50, 100. పట్టీ అంకెను ఈ నేలకు 2తో భాగిస్తేనే మట్టిలోని నైట్రేట్ నత్రజని వస్తుంది కాబట్టి మనకు కావలసిన తేడా అంతా పట్టీ మీద 25కీ 50కీ మధ్యనే ఉంటుంది, అక్కడ మెట్టే లేదు. అందుకని డ్రిప్ రైతులు వాడే 13-0-45 పొటాషియం నైట్రేట్‌తో సొంత ప్రమాణ ద్రావణాలు చేసుకున్నాం. ఒక గ్రాము లీటరు డిస్టిల్డ్ నీళ్లలో కరిగిస్తే నైట్రేట్ సుమారు 575 పీపీఎం. అందులోంచి సిరంజితో 3.5, 5.2, 7, 8.7 మిల్లీలీటర్లు తీసి ఒక్కోదాన్ని 100 మిల్లీలీటర్లు చేస్తే 20, 30, 40, 50 పీపీఎం వస్తాయి. గాలిలోని తేమను ఆ పొడి లాగకముందే తూయాలి. చేను పట్టీని వీటి పక్కన పెట్టి, ముంచిన సరిగ్గా 60 సెకన్లకు చూస్తే రంగు ఎటువైపుందో స్పష్టంగా తెలుస్తుంది. రెండు నిమిషాలు ఆగితే గులాబీ రంగు ఇంకా ముదిరి అంకె ఎక్కువ చూపిస్తుంది. అక్వేరియం పట్టీలకు మాత్రం నా ఓటు లేదు, వాటి మెట్లు ఈ పనికి మరీ దూరదూరం. ప్రమాణాలతో పోల్చినా చేను దగ్గరి పట్టీ 30, మూడు రోజుల తర్వాతి పట్టీ 50. కాబట్టి తప్పు పట్టీది కాదు.

రెండో అనుమానం నీళ్ల మీద. మన బోర్లలో నైట్రేట్ చాలాచోట్ల ఉంటుంది, వాటర్ ప్లాంట్ క్యాన్ నీళ్లనూ గుడ్డిగా నమ్మలేం. లీటరు డిస్టిల్డ్ నీటికి గ్రామున్నర కాల్షియం క్లోరైడ్ కలిపిన ద్రావణంలో, మట్టి వేయకుండా పట్టీ ముంచి చూశాం. తెల్లగానే ఉంది. నీళ్లదీ కాదు.

మూడోది లోతు. చెల్కలో 20 సెంటీమీటర్ల కింద మొరం తగిలితే మట్టి తీసే ఆగర్ ఆగిపోతుంది. పైమట్టిలోనే నైట్రేట్ ఎక్కువ కాబట్టి 30 దాకా దిగకపోతే అంకె పెరుగుతుంది. కానీ రెండు కొలతలూ ఒకే తొట్టిలో కలిపిన మట్టివే, అందుకే ఇదీ కుదరలేదు.

మిగిలింది, ఆ మూడు రోజులూ మట్టి ఉన్న పాలిథిన్ సంచి. అందుకని మళ్లీ పదహారు గుంతల మట్టి తీసి, తొట్టిలో గడ్డలు నలిపి, నాలుగు వాటాలు చేశాం. ఒకటి గట్టు మీదే పరీక్షించాం: గీతలున్న గొట్టంలో 30 మిల్లీలీటర్ల ద్రావణం పోసి, మట్టం 40కి చేరేదాకా మట్టి వేసి, నిమిషం బాగా ఊపి, పైన తేరుకున్న నీటిలో పట్టీ. రెండోది థర్మోకోల్ డబ్బాలో ఐస్ మధ్య, రోజూ ఐస్ మారుస్తూ. మూడోది పేపర్ మీద వేలి మందాన పరిచి ఫ్యాన్ కింద. నాలుగోది మూతి కట్టిన పాలిథిన్ సంచిలో, 36 డిగ్రీలున్న గదిలో.

గట్టు మీద పట్టీ 30. తడి మట్టి కదా, ఈ తరహా నేలకు 2తో భాగిస్తే 15 పీపీఎం. ఐస్‌లోది మూడో రోజున కూడా 30, అంటే 15. ఫ్యాన్ కింద ఆరినది 36 దరిదాపుల్లో ఉంది, పొడి మట్టికి 2.4తో భాగించాలి కాబట్టి అదీ 15. సంచిలోది 50, అంటే 25.

అంటే సంచిలో మట్టి ఊరకే కూర్చోలేదు. కదిలించిన మట్టి, పచ్చి మంద ఎరువు, తడి, వేడి, లోపల కాస్త గాలి: సూక్ష్మజీవులకు ఇంతకంటే ఏం కావాలి? ఎరువులోని నత్రజనిని అమ్మోనియంగా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తూనే ఉన్నాయి. మంద పడని నేలలో ఈ పెరుగుదల తక్కువే ఉండొచ్చు, అందుకే చాలామందికి తగలదు. బాగా తడిసిన రేగడి ముద్దను గట్టిగా మూసిపెడితే గాలి అందక నైట్రేట్ వాయువుగా పోయి అంకె ఉల్టా తగ్గుతుంది. మట్టి సంచిని తడిగానే తీసుకొని పదిరోజుల తర్వాత రిపోర్టు ఇచ్చే ల్యాబుల అంకె మీద నాకు ఇక నమ్మకం లేదు. గట్టు మీదే చూడాలి, లేదంటే అదే పూట ఆరబెట్టాలి.

15కే ఖాయమయ్యాం. ఎకరాకు 36 కిలోల నత్రజని. సిఫారసు 80 కిలోల చుట్టూ, డీఏపీలో పోయింది 9. పట్టిక ప్రకారమైతే ఇంకా 71 వేయాలి, మూడు బస్తాలు దాటుతుంది. ఆ 3.6 గుణకం ఐయోవా నేలలది కాబట్టి మొత్తం చేను దానిమీదే వదలడం లేదు. చెల్కలో ఒక్కసారే వేస్తే వాన లాక్కుపోతుందని ఇప్పుడు ఒక బస్తా, మక్కకు జల్లు పూత వచ్చేముందు ముప్పావు బస్తా. ఆరు సాళ్లకు మాత్రం పట్టిక మోతాదు పూర్తిగా. కోతప్పుడు ఆ ఆరు సాళ్ల కంకులు వేరుగా తూయాలి.

రెండో దఫాకు ముందు గట్టి వాన పడితే నైట్రేట్ 30 సెంటీమీటర్ల కిందికి దిగిపోతుంది, ఇవాళ్టి 15కి విలువ ఉండదు. అప్పుడు ఇదే గొట్టంతో గట్టు మీదే మళ్లీ చూడాలి. పక్క రేగడి తునకలో ద్రావణం తేరుకోవడానికి గంట దాటుతోంది. వచ్చే వారం దానికి కాఫీ ఫిల్టర్ కాగితం పెట్టి చూస్తా, ముందు ఆ కాగితాన్ని ఉత్త ద్రావణంలో ముంచి పట్టీ తెల్లగానే ఉంటుందో లేదో చూసుకొని.