పదహారు గేజు ఎవరి లెక్క?

శనివారం రాత్రి, నెల్లూరు

ఈ రోజు సగం పూట ఒక పాత నీలి డ్రాయింగు ముందే గడిచింది. ఊరి చివరి రైసుమిల్లులో ధాన్యాన్ని పైకెత్తే ఎలివేటరు అడుగుపెట్టె తుప్పుపట్టిపోవడంతో, కొత్తది చేయమని ఆ కాగితాన్ని మా షెడ్డుకు పంపించారు. ఒకే కాగితంలో మూడు రకాల కొలతలున్నాయి: కింది ఫ్రేముకు 3/16 అంగుళం, పక్క రేకులకు 12 గేజు అని రాసి పక్కనే .104, పైమూతకు మాత్రం ఒట్టి 16 గేజు. గేజు అంటే రేకు మందానికి పట్టికలో ఇచ్చే నంబరు, పట్టిక మారితే మందమూ మారుతుంది.

భిన్నంతో చిక్కేమీ లేదు. మూడును పదహారుతో భాగించి 25.4తో గుణిస్తే 4.76 మిల్లీమీటర్లు వచ్చింది. నేను కాలిక్యులేటరు తీసేలోపే మేస్త్రి "ఒకటిన్నర నూలు గదా సార్, అయిదు మిల్లీ ప్లేటు వేసేద్దాం" అన్నాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు కనుక అది నిజమే. .104 దగ్గర ముందున్న చుక్క కాగితం మడతలో చెరిగిపోయింది కాని, అంగుళాల్లో నూటనాలుగు మందం ఉండే రేకు లోకంలో లేదు కనుక దానిని 2.64 మిల్లీమీటర్లుగా తీసుకున్నాను.

చిక్కంతా పదహారు గేజుతోనే వచ్చింది. మేస్త్రి ఒకటిన్నర మిల్లీ అన్నాడు. అమెరికా ఉక్కురేకుల పట్టికలో అది 1.52, బ్రిటిష్ స్టాండర్డ్ వైర్ గేజు, అంటే ఎస్.డబ్ల్యూ.జి. పట్టికలో 1.63, పాత బర్మింగ్‌హామ్ రేకు గేజులో 1.59. ఏ పట్టికో డ్రాయింగులో ఎక్కడా రాయలేదు. అయితే 12 గేజు పక్కనున్న .104 సాక్ష్యంగా పనికొచ్చింది. బర్మింగ్‌హామ్‌లో 12 గేజు అంటే .0991 కాబట్టి అది తొలగిపోయింది. ఎస్.డబ్ల్యూ.జి.లో సరిగ్గా .104, అమెరికా పట్టికలో .1046. గీసినవాడు చివరి అంకె వదిలేసి ఉంటే ఈ రెండింటినీ విడదీయలేము.

అందుకే మధ్యాహ్నం మిల్లుకు వెళ్లి, పాత మూతకు తుప్పు చేరని మడత అంచు దగ్గర పెయింటును గీకి స్క్రూగేజితో మూడు చోట్ల కొలిచాను. 1.61, 1.60, 1.62 వచ్చాయి. పెయింటు మీదే కొలిచి ఉంటే ఆ పూత కూడా లెక్కలో కలిసిపోయేది. ఈ కొలత ఒక్కటే చూస్తే బర్మింగ్‌హామ్ కూడా కావచ్చుననిపిస్తుంది, .104 ఒక్కటే చూస్తే అమెరికాది కావచ్చు. రెండూ కలిపి చూస్తే మిగిలేది ఎస్.డబ్ల్యూ.జి. మాత్రమే. మూతకు 1.6 మిల్లీమీటర్ల రేకు రాశాను.

పక్క రేకులకు 2.5 చాలునని మేస్త్రి వాదించాడు కాని, ధాన్యం రాపిడికి పలచబడేది ఆ రేకులే కనుక 3 ఖాయం చేశాను. బయటి కొలత మార్చకపోతే లోపలి వెడల్పు రెండు వైపులా కలిపి 0.72 మిల్లీమీటరు తగ్గుతుంది. బకెట్లకు తగలకుండా బయటి వెడల్పును ఆ మేరకు పెంచి, డ్రాయింగు మీద 16 గేజు పక్కన పెన్సిలుతో ఎస్.డబ్ల్యూ.జి. అని రాసి తిరిగి మడతపెట్టాను.