రెండు శాతం తగ్గింపు నాకు ఎంత వడ్డీ పడింది

అట్టపెట్టెలు టోకున అమ్మే వ్యాపారం మాది. సరుకు పంపిన 30 రోజుల్లో డబ్బు కట్టాలన్నది అందరికీ ఒకే షరతు. నెలకు సుమారు 20 లక్షల అమ్మకం, అంతా అరువు మీదే. కాగితం సరఫరాదారుకు మేము కట్టాల్సిన రోజు ముందు వస్తుంది, మాకు రావలసింది తర్వాత వస్తుంది. ఆ మధ్య దూరాన్ని బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టుతో పూడ్చుకునేవాళ్ళం. దానికి ఏడాదికి 12 శాతం వడ్డీ.

ఆ వడ్డీ కట్టలేక విసిగి ఒక నిర్ణయం తీసుకున్నాను. బిల్లు తేదీ నుంచి 10 రోజుల్లో కట్టినవారికి 2 శాతం తగ్గింపు, లేదంటే 30 రోజుల్లో పూర్తి మొత్తం. టోకు వ్యాపారంలో చాలాచోట్ల ఉన్న షరతే ఇది. బ్యాంకు వాళ్ళు 12 అడుగుతుంటే నేను 2తో సరిపెట్టుకుంటున్నాననుకుని చాలా సంతోషించాను. ఆ పోలికలోనే తప్పు ఉందని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ ఏడాది చివర లెక్కలు చూస్తే అమ్మకం తగ్గలేదు, ముడి సరుకు ధర పెరగలేదు, బ్యాంకు వడ్డీ తీయకముందు లాభం మాత్రం 2 లక్షల 40 వేలు తగ్గింది. తగ్గింపుల ఖాతా తెరిచి చూస్తే అందులో ఉన్నది సరిగ్గా అంతే. అమ్మకం మీద మాకు మిగిలేది 6 శాతం, అంటే ఏడాదికి 14 లక్షల 40 వేలు. అందులో ఆరో వంతును నా చేతులతో నేనే పంచిపెట్టాను. పోనీ, ఓవర్‌డ్రాఫ్టు వడ్డీ ఎంత తగ్గిందని చూస్తే 50 వేలు కూడా లేదు.

కాగితం పెన్నూ తీసుకుని కూర్చున్నాను. 100 రూపాయల బిల్లుకు పదో రోజున నాకు 98 వస్తుంది. ఆగితే ముప్పయ్యో రోజున 100 వచ్చేది. అంటే 98ని 20 రోజులు ముందుగా చేతికి తెచ్చుకోవడానికి 2 వదులుకుంటున్నాను. 20 రోజులకు 2ను 98తో భాగిస్తే 2.04 శాతం. ఏడాదిలో 20 రోజుల ముక్కలు 18.25 ఉంటాయి. రెండింటినీ గుణిస్తే 37.2 శాతం. నేను చూసిన 2 శాతం 20 రోజులది, బ్యాంకు 12 శాతం ఏడాదిది. వాటిని పక్కపక్కన పెట్టి చూడటమే నేను చేసిన పొరపాటు.

అంతటితో ఆగి ఉంటే సగమే తెలిసేది. ఆ 20 రోజులు కాగితం మీది రోజులు. నిజంగా డబ్బు ఎన్ని రోజులు ముందుకు జరిగిందన్నది వేరే సంగతి. ఒక్కొక్క కొనుగోలుదారు ఖాతా తీసి, తగ్గింపు పెట్టకముందు ఆరు నెలల బిల్లులకు, పెట్టిన తర్వాతి బిల్లులకు బిల్లు తేదీ ఒక వరుసలో, డబ్బు బ్యాంకులో జమ అయిన తేదీ ఇంకో వరుసలో రాశాను. రెండు రాత్రులు పట్టింది. ఆ పని మొదట్లోనే చేసి ఉండాల్సింది.

తగ్గింపు తీసుకున్నవాళ్ళది మా అమ్మకంలో సగం, నెలకు 10 లక్షలు. వాళ్ళు అంతకుముందు కూడా సగటున 24వ రోజుకే కట్టేవాళ్ళు. ఇప్పుడు 12వ రోజుకు కడుతున్నారు. పదో రోజు దాటినా 2 శాతం కోసుకునే పంపేవారు కొందరున్నారు. ఆ కాస్త మొత్తం కోసం మంచి పార్టీతో తగవెందుకని మేము వదిలేశాం. అంటే నాకు కలిసొచ్చింది 20 రోజులు కాదు, 12 రోజులు. 20 చోట 12 పెట్టి అదే లెక్క చేస్తే వచ్చింది 62 శాతం. మొత్తాల్లో చూసినా అంతే: వాళ్ళ నుంచి రావలసిన డబ్బు 12 రోజులు ముందుకు రావడం వల్ల నా చేతిలో అదనంగా నిలిచింది సుమారు 4 లక్షలు. దాన్ని బ్యాంకు నుంచి తెచ్చుకుంటే ఏడాదికి 48 వేలు అయ్యేది. దానికి బదులు 2 లక్షల 40 వేలు ఇచ్చాను.

ఇక అసలు బాధపెట్టిన పార్టీలు, అమ్మకంలో 30 శాతం ఉన్నవాళ్ళు, అంతకుముందు 55వ రోజుకు కట్టేవారు, తర్వాతా 55, 56 రోజులకే కట్టారు. ఎందుకు మారలేదో కాస్త ఆలోచిస్తే తెలుస్తుంది. పదో రోజున కట్టగల డబ్బు చేతిలో ఉన్నవాడు సాధారణంగా ఆలస్యం చేయడు. ఆలస్యం చేసేవాడి దగ్గర చాలాసార్లు అది ఉండదు. తగ్గింపు ఎవరి కోసం పెట్టానో వాళ్ళు ముట్టుకోలేదు, అవసరం లేనివాళ్ళు అందుకున్నారు.

మా పాత కొనుగోలుదారు ఒకాయనకు ఫోను చేసి ఈ షరతు తీసేయాలనుకుంటున్నానని చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. "మీరు ఇస్తామన్నారు కాబట్టి తీసుకున్నానండీ. ఇవ్వకపోయినా నేను ఇరవై అయిదు రోజులు దాటనివ్వనని మీకు తెలుసు కదా" అన్నారు. తెలుసు. ఖాతాలో ఆయన పేరు ఎదురుగా ఎప్పటినుంచో ఉంది, నేనే చూడలేదు.

ఎంత తగ్గింపు ఇస్తే నష్టం రాదో ఈసారి వెనకనుంచి లెక్క కట్టాను. బ్యాంకు వడ్డీని కలిసొచ్చే రోజులతో గుణించి 365తో భాగించాలి. 12 రోజులకు 12 శాతం లెక్కన వచ్చేది 0.4 శాతం. నేను ఇచ్చింది దానికి అయిదింతలు. మంచివాళ్ళకు తక్కువ, ఆలస్యం చేసేవాళ్ళకు ఎక్కువ ఇస్తే లెక్క సరిపోతుంది గానీ, అది అన్యాయం. పైగా కొనుగోలుదారులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు.

అందుకే అందరికీ ఒకే షరతు పెట్టాను: సరుకు దిగిన రోజునే కడితే 1 శాతం, ఆ తర్వాత ఏమీ లేదు. 24వ రోజు కట్టే పార్టీ దీన్ని తీసుకుంటే నాకు ఏడాదికి 15 శాతం పడుతుంది, బ్యాంకు కంటే కాస్త ఎక్కువే. 55వ రోజు కట్టే పార్టీ తీసుకుంటే 6.7 శాతమే. రెండూ కలిపి చూస్తే భరించగలను. తగ్గింపును కొనుగోలుదారు బిల్లులో కోసుకోవడం కూడా ఆపించాను. డబ్బు జమ అయ్యాక మేమే తర్వాతి బిల్లులో తగ్గిస్తాం. దాంతో ఆలస్యంగా కట్టి కోసుకునే అలవాటు పోయింది. 45 రోజులు దాటిన బాకీ ఉన్నవారికి కొత్త సరుకు పంపకపోవడం మాత్రం తగ్గింపుతో సంబంధం లేకుండా పెట్టిన కట్టుబాటు. వసూళ్ళను నిజంగా కదిలించింది అదే.

మూడు నెలల ముందే అందరికీ చెప్పాను. ఇద్దరు గట్టిగా అభ్యంతరం పెట్టారు, ఒకరు వెళ్ళిపోయారు. ఆలస్యం చేసేవాళ్ళలో ఇద్దరు సరుకు దిగిన రోజునే కట్టడం మొదలుపెట్టారు.

బ్యాంకు అప్పు దొరకని వ్యాపారికి, లేదా అసలు బాకీ మునిగిపోతుందేమోనన్న భయం ఉన్నచోట, 37 శాతం కూడా న్యాయమైన ధరే కావచ్చు. నా పరిస్థితి అది కాదు. ఇప్పుడు మా ఖాతా పుస్తకంలో బిల్లు తేదీ పక్కనే జమ తేదీకి, వాటి మధ్య రోజులకు గడులు గీయించాను. ప్రతి నెలా మొదటి తేదీన ఆ చివరి గడి సగటు తీస్తాం. తగ్గింపు తీసుకున్నవారిది ఒక సగటు, తీసుకోనివారిది ఇంకొకటి.