కొత్త డాక్టర్ గారికి, నా చర్మం గురించి

డాక్టర్ గారికి నమస్కారం.

గురువారం మీ దగ్గరకు వస్తున్నాను. ఎదురుగా కూర్చుని ఇదంతా చెప్పబోతే నాకు ఏడుపు వస్తుంది. అందుకే రాసి తెస్తున్నాను. నా వయసు 37. గుంటూరులో ఇంట్లోనే కుట్టుపని చేస్తాను. చిన్నప్పుడు మోచేతుల మడతల్లోనూ మోకాళ్ల వెనకా ఎగ్జిమా ఉండేది, పదో తరగతికల్లా తగ్గిపోయింది. అమ్మకు ఆస్తమా. 2012లో ఎగ్జిమా మళ్లీ వచ్చింది. ఈసారి మెడకూ కనురెప్పలకూ వేళ్లకూ కూడా పాకింది.

మందుల షాపతను చూసి "తామర అమ్మా" అని ఒక ట్యూబు ఇచ్చాడు. రెండు రోజుల్లో దురద పోయింది. ఇంకేముంది, మూడేళ్లు అదే కొన్నాను. అందులో క్లోబెటసాల్ అనే చాలా గట్టి స్టెరాయిడ్‌తో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపి ఉన్నాయని, నాకున్నది తామరే కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు నా మెడ మీద చర్మం ఉల్లిపొరలా పలచబడి సన్నని ఎర్రటి నరాలు కనిపిస్తాయి. మోచేతి మడతల్లో చారలు పడ్డాయి. అవి ఇక పోవట.

ఆ తర్వాత ప్రెడ్నిసోలోన్ మాత్రలు మూడు విడతలు వాడాను. ప్రతిసారీ వారంలో ఒళ్లంతా నున్నగా అయ్యేది, మాత్రలు ఆపిన రెండు వారాలకు అంతకుముందు కన్నా ఎక్కువగా తిరగబెట్టేది. వేపాకు నీళ్లు, హోమియో, వంకాయా గోంగూరా మానేసే పథ్యం, అన్నీ అయ్యాయి. వేపాకు నీళ్లు పగిలిన చర్మానికి నిప్పులా తగిలేవి.

2019లో ఒక డాక్టరు నా మెడ చూసి, "స్టెరాయిడ్లు పూసుకుని నీ చర్మం నువ్వే పాడు చేసుకున్నావు, ఇక ముట్టుకోకు" అన్నారు. బదులుగా ఏం పూయాలో చెప్పలేదు. భయపడి అన్నీ ఆపేశాను. నెల తిరగకుండా దుప్పటికి రసి అంటుకుపోయేంతగా వచ్చింది. జాకెట్ కొలతలకు వచ్చిన ఒకావిడ నా వేళ్లు చూసి "ఈ చేతులతోనే కుడతావా?" అని బట్ట వెనక్కి తీసుకెళ్లింది. ఆ మాట ఇప్పటికీ మరువలేదు.

అప్పుడే ఆ రాత్రి. మా ఆయనకు పెదవి మీద జ్వరపు పొక్కు ఉంది. రెండు రోజుల తర్వాత నా చెంప మీద, కంటి కింద చిన్న చిన్న పొక్కులు లేచాయి. అన్నీ ఒకే సైజు, మధ్యలో గుంట. దురద కాదు, నొప్పి. రాత్రి పదకొండింటికి జ్వరం 103, కన్ను మూసుకుపోయింది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు తలెత్తకుండానే "చర్మవ్యాధే కదా, పొద్దున ఓపీకి రండి" అన్నాడు. రెండింటి వరకు బల్ల మీద కూర్చున్నాం. చూపు పోతుందేమోనని మా అమ్మాయి ముఖం కళ్లారా చూసుకున్నాను. అటుగా వెళ్తున్న ఒక జూనియర్ డాక్టరమ్మ ఆగి, టార్చి వేసి చూసి, "ఇది ఎగ్జిమా మీద హెర్పిస్, ఆగడానికి లేదు" అని అప్పటికప్పుడు ఎసైక్లోవిర్ సెలైన్‌లో ఎక్కించింది. పొద్దున్నే కంటి డాక్టరును పిలిపించింది. నల్లగుడ్డుకు ఏమీ కాలేదు. ఆ తల్లి చల్లగా ఉండాలని శుక్రవారం దీపం పెట్టినప్పుడల్లా అనుకుంటాను.

తర్వాత నన్ను చూసిన డాక్టరు గారు ఇప్పుడు రిటైరయ్యారు. ఆయన సైక్లోస్పోరిన్ ఆరు నెలలు ఇచ్చి, బీపీ పెరగడంతో మెల్లగా తగ్గించి ఆపారు. అంతకన్నా నాకు మేలు చేసింది ఆయన అడిగిన ఒక ప్రశ్న: "15 గ్రాముల ట్యూబు నీకెన్నాళ్లు వస్తుంది?" రెండు నెలలన్నాను. ఆయన నా చూపుడు వేలి చివరి నుంచి మొదటి గీత వరకు మందు పిండి చూపించారు. అది సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. నాకు రెండు చేతులకూ కలిపి రోజుకు అలాంటివి ఆరు కావాలి, అంటే మూడు గ్రాములు. ట్యూబు ఐదు రోజుల్లో అయిపోవాలి! ముఖానికి గట్టి మందు ఎక్కువగా, చేతులకు మామూలు మందు చాలీచాలకుండా, అన్నేళ్లూ రెండూ తప్పే చేశానన్నమాట.

ఇప్పుడు రోజుకు రెండుసార్లు మాయిశ్చరైజర్, స్నానం అయిన వెంటనే ఒకసారి తప్పకుండా. మెడకూ రెప్పలకూ వారానికి రెండు రాత్రులు టాక్రోలిమస్. మొదటి వారం మంటపుట్టింది, తర్వాత అలవాటైంది. మోచేతులకు శని, ఆదివారాల్లో మధ్యరకం స్టెరాయిడ్. చర్మం బాగున్నా మానను. ఏడాదిగా రాత్రిళ్లు నిద్రపడుతోంది. చలికాలంలో వేళ్లు మాత్రం పగులుతున్నాయి. కొత్త బట్టల గంజి వల్లనా అని అనుమానం. ప్యాచ్ టెస్ట్ ఎప్పుడూ చేయించలేదు, అవసరమేమో మీరే చెప్పాలి.

మాత్రలు రాయవలసి వస్తే ఎందుకో, ఎలా తగ్గిస్తారో ముందే చెప్పండి. గుంట పొక్కులు మళ్లీ కనిపిస్తే ఏ వేళకైనా ఎక్కడికి రావాలో ఒక నంబరు ఇవ్వండి. ట్యూబు రాసినప్పుడు ఎక్కడ పూయాలో, ఎన్ని రోజుల్లో అయిపోవాలో కూడా చీటీ మీద రాయండి. పాత చీటీలు, రక్తపరీక్షల కాగితాలు సంచిలో తెస్తున్నాను. ఆ మందుల షాపు ట్యూబు పెట్టె కూడా అందులోనే ఉంది.