ఫోన్‌లో "సరే" అనుకున్నాక రాసిన మెయిల్

పిల్లల కథల పుస్తకానికి బొమ్మలు వేయించాలని ఒక ఫ్రీలాన్స్ ఆర్టిస్టుతో ఫోన్‌లో మాట్లాడాను. 12 బొమ్మలు, ఒక కవర్, నాలుగు వారాలు, మొత్తం ఫీజు ఇంత అని ముప్పావు గంటలో తేలిపోయింది. "మొదలుపెట్టేస్తానండీ" అన్నారావిడ. ఇదివరకైతే ఆ మాట వినగానే అడ్వాన్స్ పంపేసేవాణ్ణి.

ఈసారి ఆగాను. అంతకుముందు ఒక వెబ్‌సైట్ పనిలో దెబ్బతిన్నాను. "చిన్న చిన్న మార్పులు చేసిపెడతాను" అని ఆ వెబ్‌సైట్ చేసినాయన ఫోన్‌లో అన్న మాట నిజమే. నేను చిన్న మార్పంటే ఒక పేజీ మొత్తం మార్చడం అనుకున్నాను, ఆయన అక్షరదోషాలు దిద్దడం అనుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. రెండు నెలలయ్యాక ఎవరి జ్ఞాపకం వాళ్లకు అనుకూలంగా ఉంది, అంతే.

అందుకే ఆర్టిస్టుతో మాట్లాడుతూనే నోట్సు రాసుకున్నాను, ఫోన్ పెట్టేసిన గంటలో మెయిల్ పంపాను. లాయరు భాష జోలికి పోలేదు. "ఇవాళ మనం అనుకున్నవి నాకు అర్థమైనట్టు రాస్తున్నాను, తేడా ఉంటే దిద్దండి" అని మొదలుపెట్టాను. 12 పూర్తి పేజీ బొమ్మలు, ఒక కవర్. ముందు పెన్సిల్ స్కెచ్, నేను ఓకే అన్నాక రంగులు. పేజీల్లో అక్షరాలు అమర్చడం ఈ పనిలోకి రాదు. ఫీజులో 30 శాతం మొదట్లో, 40 శాతం స్కెచ్‌లన్నీ ఓకే అయ్యాక, మిగతా 30 శాతం ప్రింటుకు పనికొచ్చే ఫైళ్లు అందాక.

ఇంతవరకూ చకచకా సాగింది. రెండు వాక్యాల దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. మొదటిది మార్పుల గురించి. "స్కెచ్‌లో రెండుసార్లు, రంగులయ్యాక ఒకసారి" అని రాస్తే సరిపోదు, "ఒకసారి" అంటే ఏమిటో చెప్పాలి. "ఒక బొమ్మలో నేను కోరే మార్పులన్నీ ఒకే మెయిల్‌లో పంపితే అది ఒకసారి" అని రాశాను. రెండోది గడువు. అడ్వాన్స్, కథల తుది ప్రతి రెండూ ఆవిడకు చేరిన మర్నాటి నుంచి లెక్క. స్కెచ్‌లు చూసి చెప్పడానికి నేను మూడు రోజులు దాటిస్తే, దాటిన రోజులన్నీ గడువుకు కలుస్తాయి. ఇది రాస్తుంటే నా చేతులు నేనే కట్టుకుంటున్నట్టు అనిపించింది కానీ, ఆలస్యాల్లో సగం పని ఇచ్చినవాళ్ల వల్లే అవుతాయని నాకు తెలుసు.

బొమ్మల హక్కుల సంగతి ఫోన్‌లో అసలు రాలేదు. అనుకున్నవాటి మధ్యలో దాన్ని ఇరికిస్తే మోసంలా ఉంటుంది. అందుకని చివర విడిగా, "ఇది మనం మాట్లాడుకోలేదు: పుస్తకానికీ ఈ-బుక్‌కీ బొమ్మలు వాడుకోవచ్చా, మరి క్యాలెండర్‌కో?" అని ప్రశ్నగానే పెట్టాను.

చాట్‌లో ఒక బొటనవేలు ఎమోజీ వచ్చింది. దాంతో తృప్తిపడలేదు. చదివి ఒప్పుకున్నారో, అందిందని చెప్పారో దాన్నిబట్టి తెలియదు. "తీరిక చూసుకుని మెయిల్‌కే జవాబివ్వండి, అది రాగానే అడ్వాన్స్ పంపుతాను" అన్నాను. కొంచెం మొహమాటం వేసిన మాట నిజం.

మర్నాడు వచ్చిన జవాబులో రెండు సవరణలున్నాయి. నాలుగు వారాలంటే ఆవిడ లెక్కలో 20 పని దినాలు. నేను 28 రోజుల్లో చేతికొస్తుందనుకుంటుంటే, మధ్యలో ఆవిడకు మూడు సెలవులున్నాయి. ఇక కవరంటే ఆవిడ ముందు అట్ట ఒక్కటే అనుకున్నారు, నేను ముందూ వెనకా వెన్నూ కలిపి అనుకున్నాను. ముప్పావు గంట మాట్లాడుకుని కూడా ఆ మాట ఇద్దరి నోటా రాలేదు! పూర్తి కవర్‌కు ఫీజు కొంచెం పెంచారు, ఒప్పుకున్నాను. పుస్తకానికీ ఈ-బుక్‌కీ సరేనన్నారు, క్యాలెండర్ లాంటివాటికి విడిగా మాట్లాడుకోవాలన్నారు. సవరణలన్నీ కలిపి మళ్లీ ఒకసారి రాశాను. "అవును, ఇదే" అని జవాబొచ్చాక డబ్బు పంపాను.

పని మధ్యలో ఒక కథ పెరిగింది, ఇంకో బొమ్మ కావాలని ఫోన్ చేశాను. ఫీజు, రెండు అదనపు రోజులు నోటిమాటగానే తేలాయి. ఫోన్ పెట్టేశాక అదే మెయిల్ కింద రెండు లైన్లు రాసి, ఆవిడ చేత "సరే" అనిపించుకున్నాను.

ఒక్కచోట మాత్రం చిక్కొచ్చింది. ఏడో బొమ్మలో పాప గౌను రంగు రెండోసారి మార్చమన్నాను. ఆవిడ వాదించలేదు, మెయిల్‌లోని ఆ వాక్యాన్నే కాపీ చేసి పంపారు: "రంగులయ్యాక ఒకసారి". పాత మెయిళ్లు తీసి చూస్తే ఆ ఒకసారి ఎప్పుడో వాడేసుకున్నాను. దానికి ఎంతవుతుందో అడిగి, చివరి 30 శాతంతో కలిపి పంపించాను.